రోటోటూనా షాపులో ఆ జూన్

రోటోటూనా హామిల్టన్ నగరానికి ఉత్తరపు అంచు. పాతికేళ్ల కిందట పశువులు మేసిన పచ్చిక బీళ్లలోనే ఇవాళ ఇళ్లు, బడులు, షాపులు వరసగా లేచాయి. అక్కడ ఒక చిన్న ఇండియన్ కిరాణా షాపు ఉంది. మా వీధివాళ్లందరికీ ఆ షాపు నడిపే ఆయన అన్నయ్య, ఆవిడ వదిన. సోనా మసూరి బియ్యం బస్తాలు, కందిపప్పు, ఇంగువ, ఫ్రీజర్లలో గోంగూర, మునక్కాడ ముక్కలు, శుక్రవారం సాయంత్రానికల్లా ఇడ్లీ పిండి. నా వృత్తి చిన్న వ్యాపారాలకు లెక్కలు రాయడం. ఆ షాపు పుస్తకాలు కూడా నేనే చూస్తాను. 2022 జూన్‌లో ఆ షాపుకు వచ్చిన కష్టం మొదటి రోజు నుంచి క్లెయిమ్ డబ్బు చేతికొచ్చే దాకా దగ్గరుండి చూశాను.

ఆ నెలలో ఒక మంగళవారం పొద్దున అన్నయ్య బియ్యం బస్తా ఎత్తి అరలో పెడుతూ అలాగే కూలబడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. అంబులెన్సు త్వరగానే వచ్చింది. హాస్పిటల్‌లో స్కాన్ తీసి, మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని చెప్పారు. ప్రాణానికి ప్రమాదం తప్పింది. ఆ సాయంత్రం పరామర్శకు వచ్చినవాళ్లు వదినతో అన్న మాట ఒకటే. "పనిలో ఉండగా పడ్డాడు కదా, ఏసీసీ వాళ్లు ఇస్తారు, దిగులుపడకండి."

న్యూజిలాండ్‌లో స్థిరపడిన మనవాళ్లలో ఈ నమ్మకం చాలా గట్టిది. దానికి కారణం ఉంది. 1974 ఏప్రిల్ నుంచి ఈ దేశంలో ప్రమాదాలకు ఒక ప్రభుత్వ పథకం నడుస్తోంది. దాన్నే ఏసీసీ అంటారు. ఎవరి తప్పన్నది అడగకుండా, దెబ్బ తగిలినవాడికి వైద్యం చూసి, పని చేయలేని కాలానికి మొదటి వారం తరవాత నుంచి సంపాదనలో 80 శాతం దాకా ఇస్తుంది. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లు కూడా దానికి ఏటా లెవీ కడతారు. అన్నయ్యా కట్టేవాడు, ఆ బిల్లులు నా దగ్గర ఉన్నాయి. కాకపోతే ఏసీసీ చూసేది గాయాన్ని. పక్షవాతం జబ్బు. రోజూ చేసే మామూలు పనిలో బస్తా ఎత్తుతుండగా వచ్చినా, నిద్రలో వచ్చినా జబ్బే. అదే బస్తా నడుము మీద పడి వెన్ను విరిగి ఉంటే ప్రతి వారం డబ్బు వచ్చేది. నేను ఈ సంగతి చెబుతుంటే వదిన నమ్మలేదు. ఏసీసీకి ఫోన్ చేసి వాళ్ల నోటితోనే విని, ఫోన్ పెట్టేసి, "మరి ఇన్నేళ్లు కట్టింది దేనికి?" అంది. ప్రమాదానికి కట్టారు వదినా, అన్నాను.

ఇంట్లో ఇంకో భరోసా కూడా ఉంది. పెళ్లయిన కొత్తలో తెనాలిలో తీసుకున్న ఎల్‌ఐసీ పాలసీ. దాని బాండు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దేశం దాటించి తెచ్చుకున్నారు. అది ఎండోమెంటు పాలసీ. మనిషి పోతేనో, గడువు తీరితేనో బీమా మొత్తం ఇస్తుంది. బతికి, మంచం మీద ఉండి, షాపు అద్దె కట్టాల్సిన మనిషికి దానివల్ల నెలనెలా చేతికొచ్చేది ఏమీ లేదు. ఆదాయానికి రక్షణగా తీసుకునే పాలసీ, ఇక్కడివాళ్లు ఇన్‌కమ్ ప్రొటెక్షన్ అనేది, వాళ్లకు లేదు. అంతకు ఏడాది ముందు ఒక బ్రోకరు చెప్పినప్పుడు ప్రీమియం ఎక్కువని వదిలేశారు.

మొదటి వారంలో డబ్బు లేకపోవడం కన్నా పెద్ద చిక్కు ఇంకొకటి వచ్చింది. డబ్బు ఉంది, తీయడానికి చెయ్యి లేదు. షాపు ఒక లిమిటెడ్ కంపెనీ. షేర్లు భార్యాభర్తలకు చెరి సగం, డైరెక్టరు మాత్రం అన్నయ్య ఒక్కడే. బ్యాంకు ఖాతాకూ ఆయన సంతకమే. ఆన్‌లైన్ చెల్లింపులకు కోడ్ ఆయన ఫోన్‌కే వస్తుంది. సరుకు పంపేవాళ్ల బిల్లులు ఆయన ఈమెయిల్‌కు, ఆర్డర్లు ఆయన వాట్సాప్‌లో. ఆ ఫోన్‌కు ఆరు అంకెల తాళం.

ఆయనకు మనం చెప్పేదంతా అర్థమయ్యేది, మాట మాత్రం పైకి వచ్చేది కాదు. స్పీచ్ థెరపిస్టు అట్ట మీద పెద్ద అంకెలు రాసి తెచ్చింది. వదిన ఆ అట్టను మంచం మీద పట్టుకుంది. ఆయన ఎడమ చేతి చూపుడు వేలుతో ఒక్కో అంకె చూపించాడు. మూడు చూపించి, తల అడ్డంగా ఊపి, ఎనిమిది మీదికి జరిపి, మళ్లీ మూడు మీదికి వచ్చాడు. అఫేజియాలో ఇలా కూడా జరుగుతుందని థెరపిస్టు వివరించింది. మనసులో ఒక అంకె ఉంటుంది, వేలు ఇంకో అంకె మీదికి పోతుంది. కొట్టిన అంకెలు రెండుసార్లు తప్పాయి. ఇంకా తప్పితే ఫోనే మూసుకుపోతుందని వదిన దాన్ని తీసి సంచిలో వేసేసింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక చాలు అన్నాను నేను.

అప్పటికి మమ్మల్ని ఆదుకున్నది ఒక చిన్న ఏర్పాటు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి నాకు నా పేరుతో విడిగా లాగిన్ ఉంది. అన్నయ్య పాస్‌వర్డు అరువు తెచ్చుకుని వాడటం కాదు, సలహాదారుగా నా సొంత ప్రవేశం. బ్యాంకు లావాదేవీలు అందులోకి రోజూ వాటంతట అవే వచ్చి పడతాయి. డబ్బు ముట్టుకోలేను, ఎక్కడ ఎంత ఉందో, ఎవరికి ఎంత ఇవ్వాలో మాత్రం కనబడుతుంది. మే నెలాఖరుతో ముగిసిన జీఎస్‌టీ లెక్క జూన్ 28కి కట్టాలి. సాయంత్రాలు పనిచేసే విద్యార్థికి జీతం ఇవ్వాలి. అద్దె ఉంది. వదిన తన సొంత ఖాతాలోంచి జీతం ఇచ్చింది. ఆ సొమ్ము కంపెనీ ఆమెకు బాకీ ఉన్నట్టు పుస్తకాల్లో రాశాను.

బ్యాంకువాళ్లు వదినను ఖాతా ముట్టనివ్వలేదు. వాళ్లది తప్పని నేను అనను. భార్యనని చెప్పి వచ్చిన ప్రతివాళ్లకూ కంపెనీ డబ్బు ఇవ్వడం మొదలుపెడితే ఏ వ్యాపారికీ భద్రత ఉండదు. దారి ఒక లాయరు చూపించింది. అన్నయ్యకు మాట పోయింది గాని తెలివి పోలేదు. విషయం అర్థం చేసుకుని నిర్ణయం తీసుకునే శక్తి ఉందని వార్డు డాక్టరు రాసి ఇచ్చాడు. లాయరు హాస్పిటల్‌కే వచ్చి, గదిలోంచి అందరినీ బయటికి పంపి, అవును కాదు అనే ప్రశ్నలతో ఆయన్నే అడిగి తెలుసుకుంది. ఆ తరవాత ఆయన ఎడమ చేత్తో వంకరగా రెండు కాగితాల మీద సంతకం పెట్టాడు. ఒకటి వదినను రెండో డైరెక్టరుగా చేసే తీర్మానం. రెండోది ఆస్తి వ్యవహారాలకు ఎండ్యూరింగ్ పవర్ ఆఫ్ అటార్నీ. రేపు తెలివి కూడా తప్పితే ఆయన తరఫున వదిన నడుచుకునే అధికారం దానివల్ల వస్తుంది. దానికి సాక్షిగా స్వతంత్ర లాయరు లాంటి అర్హులు సంతకం చేసి ధ్రువీకరించాలి. ఇంట్లో ఎవరో చేసే సాక్షి సంతకం చెల్లదు.

లాయరు అప్పుడే ఒక మాట చెప్పింది. ఆయనకు తెలివి లేని స్థితి వచ్చి ఉంటే ఈ రెండు కాగితాలూ కుదిరేవి కావు. అధికారపత్రం ఇవ్వడానికే తెలివి ఉండాలి. అది ముందుగా లేకపోతే ఫ్యామిలీ కోర్టుకు వెళ్లి, ఆస్తి చూసే మనిషిని నియమించమని అడగాలి, దానికి నెలలు పడుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. డైరెక్టరు హోదా అధికారపత్రంతో భార్యకు బదిలీ కాదు. కంపెనీకి ఇంకో డైరెక్టరు ఉండాలి, లేదా వాటాదారులు నియమించాలి. చెరి సగం వాటా ఉన్నచోట ఒక్కరి ఓటు మెజారిటీ కాదు. ఇల్లూ వాకిలీ, పిల్లలూ ఇద్దరివే అయిన కాపురంలో కంపెనీ కాగితం మాత్రం ఒక్కరి పేరున ఉండిపోవడం నేను ఎన్నో చోట్ల చూస్తున్నాను.

ఇదంతా జరుగుతుండగానే రెండో దెబ్బ తగిలింది. షాపు మంగళవారం నుంచి మూసి ఉంది. సోమవారం తెరుద్దామని వదిన అనుకుంది. శనివారం రాత్రి భారీ వర్షం. కప్పు గట్టర్‌లో ఆకులు పేరుకుని నీళ్లు లోపలికి మళ్లాయి. ఆదివారం సాయంత్రం వదిన, నేను తలుపు తీసేసరికి సీలింగ్ బోర్డు ఒకటి ఊడి గల్లా మీద పడి ఉంది. కింది వరస బియ్యం, పిండి బస్తాలు నానిపోయాయి. కరెంటు బ్రేకరు ట్రిప్ అయి ఫ్రీజర్లు ఆగిపోయాయి. గోంగూర ప్యాకెట్లు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. గల్లా కింద కంప్యూటరు డబ్బాలో నీళ్లు. దాని పక్కనే, అదే అరలో, బ్యాకప్ కోసం పెట్టిన డిస్కు. అదీ నీళ్లలోనే ఉంది.

బ్యాకప్ ఉందా అంటే ఉంది. రోజూ రాత్రి నడిచేది కూడా. కానీ అసలూ నకలూ ఒకే అరలో ఉంటే నీటికి అవి రెండు కావు, ఒకటే. ఏ సరుకు ఎన్ని ప్యాకెట్లు ఉందన్న పట్టిక ఆ కంప్యూటర్‌లోనే ఉంది. అరువు ఖాతా కూడా అందులోనే. అరువు తీసుకున్నవాళ్లలో కొందరు తామే వచ్చి ఇంత బాకీ ఉన్నామని చెప్పి కట్టారు. తక్కినది రాలేదు.

వదిన చీపురు అందుకోబోయింది. వద్దన్నాను. నష్టాన్ని అంచనా వేసే మనిషి చూసేదాకా పాడైన సరుకు పారేస్తే, అది ఉండేదని రుజువు చేసేది ఏదీ మిగలదు. నీళ్లు ఇంకా పడకుండా ఆపడం, తడవని సరుకు పక్కకు జరపడం మన బాధ్యత. అంతవరకు చేశాం. తరవాత ఫోన్‌తో ప్రతి అరనూ ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా వీడియో తీశాను. ప్రతి రకం నుంచి ఒక ప్యాకెట్ లేబులు, బరువు కనబడేలా దగ్గరి ఫొటో. కరిగిన సరుకు అమ్మకూడదు, మళ్లీ గడ్డకట్టించి దాచకూడదు. ఇన్సూరెన్సువాళ్లకు ఫోన్ చేసి చెప్పి, వాళ్లు సరేనన్న తరవాతే, లెక్క రాసుకుని తీసేశాం.

పాలసీ కాగితం నా దగ్గర ఉంది కాబట్టి ఆ రాత్రే చదివాం. సరుకుకు బీమా మొత్తం 33,000 డాలర్లు. షాపు తెరిచిన ఏడాది రాయించిన అంకె, మళ్లీ మార్చలేదు. ఫ్రీజర్ సరుకు చెడిపోతే ఇచ్చే రక్షణ విడిగా ఇంకో గడిలో ఉంటుంది. ఆ గడి ఖాళీ. కాబట్టి 5,000 డాలర్ల ఫ్రీజర్ సరుకుకు ఏమీ రాలేదు. నీటికి పాడైన పొడి సరుకు 16,000 డాలర్లు.

వచ్చిన అడ్జస్టరు మర్యాదస్తుడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఆ రోజు షాపులో మొత్తం ఎంత సరుకు ఉంది?" పాడైనది ఎంత అని కాదు, మొత్తం ఎంత అని. అది ఎందుకు అడుగుతున్నాడో వదినకు అర్థం కాలేదు. అదే ఈ క్లెయిమ్‌కు కీలకం. కంప్యూటరు నీటిపాలయ్యింది కాబట్టి జవాబును కాగితాల మీద తిరిగి కట్టాల్సి వచ్చింది.

ఇక్కడ చాలా కంపెనీల లెక్కల ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. ఆ రోజు రాత్రి అన్నయ్య, ఆ విద్యార్థి కలిసి సరుకు లెక్కపెట్టి, ఆ కాగితాల ఫొటోలు నాకు పంపారు. కొన్న ధరకు 46,000 డాలర్లు. ఏప్రిల్ నుంచి ఆ రోజు దాకా కొన్న సరుకు 58,000. ఈ అంకె సరఫరాదారుల నుంచి వచ్చింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మూడు నెలల బిల్లులు మళ్లీ పంపమంటే అందరూ పంపారు. ఇక అమ్మకాలు. జనం ఎక్కువగా కార్డు గీకే దేశం కాబట్టి బ్యాంకులో పడిన జమలే సాక్ష్యం. నగదు జమలు కూడా కలిపి, జీఎస్‌టీ తీసేస్తే 80,000. గత ఏడాది లెక్కల ప్రకారం ఆ షాపుకు అమ్మకం మీద నూటికి 25 మిగులు. అంటే 80,000 అమ్మకానికి బయటికి వెళ్లిన సరుకు విలువ 60,000. నలభై ఆరు వేలకు యాభై ఎనిమిది వేలు కలిపి, అరవై వేలు తీసేస్తే 44,000 డాలర్లు. అదే ఆ శనివారం రాత్రి షాపులో ఉండాల్సిన సరుకు.

అడ్జస్టరు ఆ లెక్క ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న తరవాతే లోటు బయటపడింది. 44,000 సరుకుకు 33,000 బీమా అంటే నాలుగింట మూడు వంతులకే బీమా చేయించుకున్నట్టు. తక్కిన పావు వంతుకు వ్యాపారి తానే బీమాదారు. పాలసీలో యావరేజ్ అనే షరతు ఉంది. నష్టం ఎంత చిన్నదైనా అదే నిష్పత్తిలో ఇస్తారు. 16,000లో నాలుగింట మూడు వంతులు 12,000. మొదటి 500 మనం భరించే ఎక్సెస్. చేతికి వచ్చేది 11,500. నష్టం బీమా మొత్తం లోపే ఉంది కాబట్టి పూర్తిగా వస్తుందని వదిన అప్పటిదాకా అనుకుంటూనే ఉంది. సరుకు విలువ పెరిగిన కొద్దీ ఈ షరతు పదును పెరుగుతుంది. దసరా, దీపావళి ముందు షాపులో సరుకు మామూలు కన్నా ఎంతో ఎక్కువ ఉంటుంది. ఆ నెలల్లో ఇలాంటిది జరిగి ఉంటే సగం కూడా వచ్చేది కాదు.

ఇంకో మాట. జీఎస్‌టీకి నమోదైన వ్యాపారికి వచ్చే బీమా సొమ్ములో కూడా జీఎస్‌టీ ఉన్నట్టే లెక్క. ఇరవై మూడింట మూడు వంతులు తరవాతి రిటర్నులో కట్టాలి. అందుకే క్లెయిమ్ అంకెల మీద జీఎస్‌టీ కలిపి తీసుకోవాలి. అది అడిగి కలిపించాను.

షాపు మూతపడితే పోయే లాభానికి కూడా చిన్న రక్షణ ఒకటి ఆ పాలసీలో ఉంది. అయితే అది సరుకుకో, షాపుకో నష్టం జరిగి మూతపడితేనే. యజమాని జబ్బుపడి మూతపడితే వర్తించదు. 2021లో కోవిడ్ లాక్‌డౌన్‌కు మూసినప్పుడూ ఏమీ రాలేదు, అక్కడా వస్తునష్టం లేదు కాబట్టి. ఈసారి నష్టం జరిగింది. కానీ షాపు అప్పటికే మూసి ఉంది కదా, నీళ్లు రాకపోయినా వచ్చే వారం తెరిచేవారా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు వదిన ఫోన్‌లో దొరికింది. శుక్రవారం సాయంత్రం ఆ విద్యార్థికి పంపిన మెసేజ్. "సోమవారం తొమ్మిదికి తెరుద్దాం, నువ్వు పొద్దునే రాగలవా?" దానికి అతను సరే అన్నాడు. తేదీ, సమయం ఉన్న ఆ రెండు వాక్యాల మీద, సోమవారం నుంచి మరమ్మతు అయ్యేదాకా పోయిన లాభం ఇచ్చారు. అంతకు ముందు మూసి ఉన్న రోజులకు ఇవ్వలేదు.

అన్నయ్య ఆగస్టులో ఇంటికి వచ్చాడు. షాపును వదిన నడపసాగింది. రికార్డుల ఏర్పాటు మళ్లీ మొదటి నుంచి చేశాం. రోజూ షాపు కట్టేశాక గల్లా డేటా ఒక నకలు ఇంటర్నెట్‌లో భద్రపరిచే ఖాతాలోకి వెళుతుంది. ఇంకో నకలు డిస్కులో. డిస్కులు రెండు, వారానికొకసారి మారతాయి. షాపులో ఉన్నది కాకుండా రెండోది మా ఇంట్లో ఉంటుంది.

ఆ ఏర్పాటు పెట్టిన టెక్నీషియను అంతా సరిగా ఉందన్నాడు. పాత ల్యాప్‌టాప్ ఒకటి తెచ్చి, నకలును దాని మీద తెరిచి, నిన్నటి ఆఖరి బిల్లు నంబరు చూపించమని అడిగాను. తెరుచుకోలేదు. గల్లా ప్రోగ్రాం నడుస్తున్నంతసేపు అసలు డేటా ఫైలుకు తాళం పడి ఉంటుంది. కాపీ చేసే ప్రోగ్రాం దాన్ని వదిలేసి చుట్టూ ఉన్న చిల్లర ఫైళ్లు మాత్రం తీసుకుని, పని పూర్తయిందని ఆకుపచ్చ గుర్తు చూపిస్తోంది. ఫైలు పరిమాణం చూస్తే ముందే తెలిసేది. రోజూ బిల్లులు పెరుగుతుంటే నకలు సైజు కూడా రోజూ కొంచెం పెరగాలి. ఇది వారం రోజులుగా ఒకే అంకె దగ్గర నిలిచి ఉంది. ముందు ప్రోగ్రాం మూసి, దానిలోనే ఉన్న ఎక్స్‌పోర్టుతో నకలు తీసేలా మార్చాక నంబరు సరిపోయింది. మూడు నెలలకొకసారి ఆ పరీక్ష చేస్తున్నాం.

ఇంటర్నెట్‌లో ఫోల్డరు ఉంది కదా, ఈ డిస్కులెందుకు అని ఆ విద్యార్థి అడిగాడు. మా ఊరి అనుభవమే చెప్పాను. 2021 మే 18న వైకాటో జిల్లా ఆరోగ్య బోర్డు కంప్యూటర్లను రాన్సమ్‌వేర్ పట్టేసింది. ఐదు ఆసుపత్రుల్లో కంప్యూటర్లూ ఫోన్లూ ఆగిపోయాయి. ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. సిబ్బంది కాగితం, కలం పట్టుకుని పని నడిపారు. డబ్బు ఇచ్చేది లేదని అధికారులు చెప్పారు. దొంగిలించిన సమాచారాన్ని ఆ ముఠా తరవాత బయటపెట్టింది. అంత పెద్ద సంస్థకు వచ్చినది చిన్న షాపుకు రాదని లేదు. కంప్యూటర్‌తో జతగా కలిసి ఉండే ఫోల్డరు అంటే ఇక్కడ ఫైలు చెడితే అక్కడ కూడా చెడుతుంది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. పాత రూపాలను కొన్నాళ్లు దాచి ఉంచే సదుపాయం ఉంటేనే వెనక్కి వెళ్లగలం. తీగ పీకేసి ఇంకో ఇంట్లో పెట్టిన డిస్కును మాత్రం ఏ వైరసూ తాకలేదు.

పన్ను శాఖకు రికార్డులు ఏడేళ్లు దాచాలి. కాబట్టి బిల్లులన్నీ వచ్చిన రోజే ఫొటో తీసి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి పంపడం వదిన అలవాటు చేసుకుంది. బ్యాంకు ఖాతాకు రెండో సంతకం, రెండో ఫోన్. ఫోన్ పోతే వాడే రికవరీ కోడ్‌లు ముద్రించి, కవరులో సీలు చేసి లాయరు దగ్గర ఉంచారు.

ఇన్సూరెన్సులో సరుకు మొత్తం పెంచారు, పండగ నెలలకు ఇంకా ఎక్కువ రాయించారు. ఫ్రీజరు గడి నింపారు. ఆదాయ రక్షణ పాలసీ మాత్రం అన్నయ్యకు ఇక ఎవరూ ఇవ్వలేదు. వదిన తన పేరున తీసుకుంది. అర్జీలో షుగరు ఉందని రాయాలా అని అడిగింది. తప్పకుండా రాయాలి, రాయకపోతే క్లెయిమ్ రోజున అదే కారణంగా నిరాకరిస్తారని బ్రోకరు చెప్పాడు. రాసింది, కొంచెం ఎక్కువ ప్రీమియం కడుతోంది. పదమూడు వారాల నిరీక్షణ ఎంచుకుంది. ఆ మూడు నెలలూ సొంత పొదుపు మీద గడపాలి, దానికి బదులు ప్రీమియం తగ్గుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. చాలా పాలసీలు పన్ను రిటర్నులో చూపించిన ఆదాయాన్ని బట్టే ఇస్తాయి. పన్ను తగ్గాలని లాభం తక్కువ చూపించే వ్యాపారికి జబ్బు చేసినప్పుడు కూడా ఆ తక్కువలోనే కొంత శాతం వస్తుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వదిన మొదట అడిగింది, అక్కడి దుకాణాల వాళ్లకు బీమా ఉంటుందా అని. ఇండియాలో 2021 ఏప్రిల్ నుంచి ఐదు కోట్ల దాకా విలువున్న చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ ఉంది, వరద నష్టం అందులోనే కలిసి ఉంటుంది. కానీ చాలామంది వ్యాపారులకు పాలసీ ఉన్న సంగతే తెలియదు. అప్పు ఇచ్చిన బ్యాంకు దాన్ని తీసి, ప్రీమియం ఖాతాలోంచి కోసేసి, కాగితం తన దగ్గరే ఉంచుకుంటుంది.

హామిల్టన్‌లో గాని, విజయవాడలో గాని షాపు నడిపే మనవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఈ ఆదివారం పాలసీ కాగితం తెప్పించుకుని సరుకు అంకె చూడండి. ఆ అంకె పక్కన ఇవాళ షాపులో ఉన్న సరుకు విలువ రాయండి. తరవాత మీ భార్యనో, భర్తనో కూర్చోబెట్టి, మీ ఫోన్ ముట్టుకోకుండా ఈ నెల జీతాలు, అద్దె చెల్లించి చూపించమనండి.